వారంలో నాలుగు కిలోలు: క్రాష్ డైట్‌లో నోరు, కడుపు, కాళ్లు ఎందుకు మొరాయిస్తాయి

హనుమకొండలో కిరాణా దుకాణం నడిపే 42 ఏళ్ల మనిషిని ఒక ఉదాహరణగా తీసుకుందాం. బరువు 84 కిలోలు. మే నెలాఖరులో బావమరిది పెళ్లి ఉంది. రెండేళ్ల కింద కుట్టించిన సూట్‌కు గుండీ పడటం లేదు. పొద్దున గ్రౌండ్‌లో వాకింగ్‌కు వచ్చే స్నేహితుడొకరు ఫోన్‌లో ఒక చార్ట్ పంపాడు. లేవగానే నిమ్మనీళ్లలో చెంచా తేనె, తర్వాత పాలు లేని కాఫీ, మధ్యాహ్నం రెండు ఉడికించిన గుడ్లు, ఒక కీర, సాయంత్రం గుప్పెడు బాదం పప్పులు, రాత్రి 150 గ్రాముల చికెన్. అన్నం, రొట్టె, పప్పు, పండు అన్నీ బంద్. పది రోజులు ఇలా ఉంటే ఆరు కిలోలు తగ్గుతారని చార్ట్ కింద రాసి ఉంది.

మూడో రోజు సాయంత్రానికి షాపులో మూటలు సర్దుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. నాలుగో రోజు పొద్దున భార్య ముక్కు చిట్లించి, "ఏందండి, నోరు గట్ల వాసనొస్తుంది? బ్రష్ చేసిండ్రా లేదా?" అంది. రెండుసార్లు బ్రష్ చేసినా, సోంపు నమిలినా, లవంగం పెట్టుకున్నా అది పోలేదు. ఆరో రోజుకు కడుపు బిగుసుకుపోయింది. బాత్రూంలో పావుగంట కూర్చుంటే మేకపెంటికల్లాంటివి రెండు పడ్డాయి. అయితే వారం తిరిగేసరికి బరువుల మిషన్ 79.8 చూపించింది. 4.2 కిలోలు తగ్గాడు. దాంతో మిగతావన్నీ ఓర్చుకోవాల్సిన కష్టాలే అనిపించాయి. చార్ట్ పంపిన స్నేహితుడు ఇంకో మాట కూడా అన్నాడు. ఒంట్లో విషం బయటికి పోతున్నప్పుడు అట్లే ఉంటుందట.

విషమేమీ పోవడం లేదు. ఈ మూడు ఇబ్బందులకూ మొదలు ఒక్కటే. పిండి పదార్థం, దాంతో పాటు వచ్చే పీచు ఒకేసారి ఆగిపోయాయి. కానీ అక్కడి నుంచి మూడూ మూడు దార్లు పడతాయి. వాసనకు నేరుగా కారణం కీటోన్లు, అంటే పిండి పదార్థం దొరకనప్పుడు కాలేయం కొవ్వు నుంచి తయారుచేసే ఇంధనం. నీరసంలో వాటికి సగం పాత్ర ఉంది. మలబద్ధకంలో మాత్రం వాటిది చిన్న వేషమే. ఈ తేడా తెలియకే ఒకదానికి పనికొచ్చే మందును ఇంకోదానికి వాడి, ఫలితం లేదని తలపట్టుకుంటారు.

ముందు ఖాళీ అయ్యే గల్లాపెట్టె

తిన్న అన్నం, రొట్టె గ్లూకోజ్‌గా మారతాయి. అప్పటికి అవసరం లేనిదాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో మూడు నాలుగు వందల గ్రాములు ఉంటుంది. షాపు భాషలో చెప్పాలంటే ఇది గల్లాపెట్టెలో చిల్లర. కొవ్వు బ్యాంకులో వేసిన డబ్బు. చిల్లర ఉన్నంతసేపు ఎవరూ బ్యాంకుకు పోరు.

మెదడొక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. పైన చెప్పిన చార్ట్‌లో దొరికే పిండి పదార్థం తేనె, కీర, బాదం అన్నీ కలిపినా 20 గ్రాములు దాటదు. కాలేయంలోని నిల్వ ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజులో అడుగంటుతుంది. అప్పుడు ఇన్సులిన్ పడిపోతుంది. కొవ్వు కరిగి రక్తంలోకి రావడం మొదలవుతుంది. మెదడు కొవ్వును నేరుగా కాల్చుకోలేదు కాబట్టి, కాలేయం ఆ కొవ్వును ముక్కలు చేసి కీటోన్లు అనే చిన్న ఇంధనంగా మార్చి పంపుతుంది. రెండు మూడు రోజుల్లో రక్తంలో వాటి మోతాదు పెరుగుతుంది. ఇది రోగం కాదు. కరువు కాలంలో మనిషి బతకడానికి ఉన్న ఏర్పాటు.

గ్లైకోజెన్ గురించి ఇంకో సంగతి తెలిస్తే బరువుల మిషన్ లెక్క అర్థమవుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. 400 గ్రాముల నిల్వ ఖర్చయిందంటే దానితో కిలోకు పైగా నీళ్లు మూత్రంలో వెళ్లిపోయినట్టే. మన ఉదాహరణలోని మనిషి రోజుకు 560 కేలరీలు తింటున్నాడు. అతనికి కావల్సింది 2300 దాకా. వారానికి లోటు సుమారు 12,000 కేలరీలు. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల లోటు ఉండాలి. అంటే లోటంతా కొవ్వు నుంచే పూడిందనుకున్నా కరిగింది కిలోన్నర. మిగిలిన 2.7 కిలోల్లో చాలా భాగం నీళ్లు, గ్లైకోజెన్, పేగుల్లో రోజూ ఉండే సరుకు తగ్గడం. కొంత కండ కూడా ఉంది. ఆ విషయం తర్వాత చూద్దాం.

బ్రష్‌కు అందని వాసన

కీటోన్లలో ప్రధానమైనవి రెండు. వాటిలో అసిటోఅసిటేట్ అనేది నిలకడ లేని పదార్థం. రక్తంలో ఉండగానే కొంత విరిగి అసిటోన్ అవుతుంది. గోళ్ల రంగు తుడిచే మందులో ఉండేది ఇదే. శరీరానికి దీనితో పెద్దగా పనిలేదు. పైగా ఇది ఇట్టే ఆవిరైపోతుంది. ఊపిరితిత్తుల్లో రక్తం, గాలి పలచని పొరకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి అసిటోన్ ఆ పొర దాటి ఊపిరిలో కలిసి బయటికి వస్తుంది. కొంచెం మూత్రంలోనూ పోతుంది. అందుకే భార్యకు వచ్చిన వాసన రోజూ పొద్దున ఉండే పాచి వాసనలా లేదు. మగ్గిపోయిన పండులా, కొంచెం ఘాటుగా ఉంది.

ఎన్నిసార్లు పళ్లు తోమినా వాసన పోకపోవడానికి కారణం ఇదే. వాసన పుట్టే చోటు నోరు కాదు. దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నోరు గట్టిగా మూసి ముక్కుతో ఊపిరి వదలాలి. పక్కనున్నవాళ్లకు అప్పుడు కూడా తియ్యటి ఘాటు తెలిస్తే అది లోపలి నుంచి వస్తున్నదని అర్థం. నోటితో వదిలినప్పుడు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది నాలుక మీది బ్యాక్టీరియా పని.

క్రాష్ డైట్‌లో చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. రోజంతా నమిలేది లేకపోతే లాలాజలం తగ్గుతుంది. నోరెండితే నాలుక వెనుక భాగంలో బ్యాక్టీరియా పేరుకుని గంధకపు వాయువులు వదులుతుంది. ఈ రెండో భాగానికి నాలుక గీసుకోవడం, నీళ్లు తాగడం పనిచేస్తాయి. మొదటి భాగానికి మౌత్‌వాష్ సీసా మొత్తం పుక్కిలించినా ఫలితం ఉండదు. పిండి పదార్థం మళ్లీ లోపలికి వెళ్లాల్సిందే. వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో వాసన దానంతట అదే తగ్గిపోతుంది.

మెడికల్ షాపుల్లో మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలు దొరుకుతాయి. పట్టీ ఊదా రంగుకు తిరిగితే కొవ్వు బాగా కరుగుతున్నదని కొందరు సంబరపడతారు. మూత్రం చిక్కబడితే రంగు కూడా చిక్కబడుతుంది. ఎండలో చెమటలు పట్టి నీళ్లు తాగని మనిషికి పట్టీ ముదురు రంగు చూపిస్తే దాని అర్థం కొవ్వు ఎక్కువ కరిగిందని కాదు.

కడుపు ఎందుకు బిగుస్తుంది

ఇక్కడ కీటోన్లను కాస్త పక్కన పెట్టాలి. పెద్దపేగు పనిచేయడానికి దానిలో సరుకు ఉండాలి. ఆ సరుకు చాలావరకు పీచు, ఆ పీచును తిని పెరిగే బ్యాక్టీరియా, వాటితో ఉండే నీళ్లు. మెత్తటి మలంలో దాదాపు ముప్పావు వంతు నీళ్లే ఉంటాయి. సరుకు నిండి పేగు గోడ సాగితే, ఆ సాగడమే గోడ కండరానికి సైగ. అది ముడుచుకుని సరుకును ముందుకు నెడుతుంది. సరుకు లేకపోతే సైగ లేదు. ఉన్న కొంచెం అక్కడే నిలబడిపోతుంది. పెద్దపేగుకు ఉన్న ఇంకో పని నీళ్లు పీల్చుకోవడం. మలం ఎంతసేపు ఆగితే అంత పీల్చుకుంటుంది. ఆరో రోజున కనిపించిన గట్టి ఉండలు అలా తయారైనవే.

పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మన వైపు తిండిలో అది పెద్ద కష్టం కాదు. 100 గ్రాముల జొన్నపిండిలో దాదాపు 10 గ్రాముల పీచు ఉంటుంది. అంటే రెండు జొన్న రొట్టెలకు అంత వచ్చినట్టే. ఒక గంటెడు కందిపప్పు, ఒక కూర తోటకూరో చిక్కుడుకాయో, ఒక జామకాయ తోడైతే 25 దాటుతుంది. చార్ట్‌లో ఉన్నదేమిటి? గుడ్డులో పీచు సున్నా. చికెన్‌లో సున్నా. కీర అంతా నీళ్లే, అందులో రెండు గ్రాములుంటే గొప్ప. బాదంలో ఇంకో రెండు. మొత్తం నాలుగు. పాతికకు పైగా ఉండాల్సిన చోట నాలుగు.

దీనికి మరో రెండు తోడవుతాయి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మనిషికి పుట్టుకతో ఉన్న అలవాటు. పొద్దున టిఫిన్ తిన్న పది నిమిషాలకు బాత్రూంకు పరుగెత్తేది అందుకే. తిండి ఎంత ఎక్కువైతే కదలిక అంత గట్టిగా ఉంటుంది. నిమ్మనీళ్లు, కాఫీతో ఆ కదలిక సరిగ్గా రాదు. కాఫీ కొందరికి సాయం చేస్తుంది గానీ, నెట్టడానికి లోపల సరుకుండాలి కదా. రెండోది నీళ్లు, లవణాలు. శరీరం నీళ్లు కోల్పోతుంటే పెద్దపేగు ఇంకా గట్టిగా పిండుకుంటుంది. పొటాషియం తగ్గితే పేగు కండరం మందకొడిగా మారుతుంది. కీటోన్లకు మలబద్ధకంలో ఉన్న వేషం ఈ చివరి రెండింటి ద్వారానే.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్తగా చూడాలి. తక్కువ తిన్నప్పుడు తక్కువ రావడం సహజం. రెండు మూడు రోజులకు ఒకసారి వచ్చినా మెత్తగా, ముక్కాల్సిన అవసరం లేకుండా వస్తే అది మలబద్ధకం కాదు. సరుకు తక్కువ, అంతే. ఉండలుగా, గట్టిగా, నొప్పితో వస్తే, వెళ్లి వచ్చాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపిస్తే అప్పుడు దాన్ని మలబద్ధకం అనాలి. ఈ తేడా చూడకుండా మూడో రోజే విరేచనాల మాత్ర మింగేవాళ్లున్నారు. ఆ మాత్రతో ఉన్న కాసిన్ని నీళ్లు, పొటాషియం కూడా పోతాయి. మరుసటి రోజు నీరసం రెట్టింపవుతుంది. బరువు ఇంకో అరకిలో తగ్గిందని మిషన్ చూపిస్తుంది కాబట్టి ఆ మాత్రే మంచిదనుకునే ప్రమాదమూ ఉంది.

ఇసబ్గోల్ విషయం కూడా అంతే. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి సరుకుగా మారుతుంది. ఒక చెంచా వేసుకుంటే నిండు గ్లాసు నీళ్లు తాగాలి, రోజులో మిగతా నీళ్లు విడిగా తాగాలి. నీళ్లు లేకుండా మింగితే ఉన్న నీటినే పీల్చుకుని బంకలా అడ్డుపడుతుంది. నాలుగు గ్రాముల నుంచి ఒక్క రోజులో ముప్పై గ్రాముల పీచుకు దూకినా కడుపుబ్బరం, గ్యాస్ తప్పవు. రోజుకు నాలుగైదు గ్రాములు పెంచుకుంటూ వారంలో అక్కడికి చేరడం పేగుకు తేలిక.

కాళ్లలో సత్తువ ఎటు పోయింది

నీరసం అంటే షుగర్ పడిపోవడమే అని చాలామంది గ్లూకోజ్ పొడి కలుపుకుని తాగుతారు. మధుమేహం మందులు వాడని మనిషికి ఇలాంటి డైట్‌లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. మూడో రోజు కళ్లు బైర్లు కమ్మడానికి అసలు కారణం ఉప్పు.

ఇన్సులిన్‌కు చక్కెరతోనే కాదు, ఉప్పుతోనూ పని ఉంది. సోడియాన్ని వదలొద్దని కిడ్నీలకు చెప్పేవాటిలో అదొకటి. అది పడిపోగానే కిడ్నీలు సోడియం వదిలేస్తాయి, దానితో నీళ్లూ పోతాయి. పైగా మూత్రంలో బయటికి వెళ్లే కీటోన్లు ఒంటరిగా పోవు. సోడియాన్నో పొటాషియాన్నో చేయి పట్టుకుని తీసుకుపోతాయి. రక్తంలో నీటి మోతాదు తగ్గుతుంది. కూర్చున్న మనిషి చటుక్కున లేస్తే మెదడుకు రక్తం అందడం ఒక క్షణం ఆలస్యమవుతుంది. అదే బైర్లు కమ్మడం. బీపీ మిషన్ ఉంటే దీన్ని కళ్లారా చూడొచ్చు. ఐదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపు ఇంకోసారి కొలిస్తే పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోవచ్చు.

మే నెలలో వరంగల్ ఎండ 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డు కింద షాపు నడిపేవాడికి చెమటలో పోయే ఉప్పు దీనికి అదనం. డైట్‌లో ఉన్నానని లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే ఉన్న సోడియం ఇంకా పలుచబడుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం అక్కడి నుంచే. ఉప్పేసిన పలుచని సల్ల రెండు గ్లాసులు తాగితే కాసేపటికి మనిషి తేరుకుంటాడు. అంబలి అయితే ఉప్పు, నీళ్లు, కొంచెం పిండి పదార్థం మూడూ ఒకేసారి దొరుకుతాయి. ఎండలో పనిచేసేవాళ్లకు పాతకాలం వాళ్లు ఎందుకు పోశారో ఇక్కడ తెలుస్తుంది. బీపీకి మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం ఉప్పు తమంతట తాము పెంచకూడదు. వాళ్లు ఈ డైట్ జోలికి పోయే ముందే డాక్టర్‌తో మాత్రల మోతాదు మాట్లాడాలి.

నీరసానికి రెండో కారణం నెమ్మదిగా వస్తుంది. కీటోన్లు పూర్తిగా అందుకునే దాకా మెదడుకు గ్లూకోజ్ కావాలి. కొవ్వు నుంచి గ్లూకోజ్ దాదాపుగా రాదు. శరీరం అందుకే కండరంలోని ప్రోటీన్‌ను విరిచి గ్లూకోజ్ చేసుకుంటుంది. ఏమీ తినని మొదటి రోజుల్లో అలా రోజుకు సుమారు 75 గ్రాముల ప్రోటీన్ ఖర్చవుతుంది. కండరం రూపంలో అది 300 గ్రాములతో సమానం. మన ఉదాహరణలో గుడ్లు, చికెన్ ఉన్నాయి కాబట్టి నష్టం అంత ఉండదు. ఉత్త పండ్లరసం, సూప్‌లతో నడిపే డైట్‌లలో ఆ ప్రోటీన్ కూడా ఉండదు.

ఇక్కడ ఒక పాత ప్రయోగం గుర్తుచేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఓడ మునిగి చిన్న పడవల్లో చిక్కుకున్న నావికులకు ఏ తిండి ఇస్తే మంచిదో తేల్చడానికి అమెరికా వైద్యుడు జేమ్స్ గాంబుల్ మనుషుల మీద పరీక్షలు చేశాడు. ఏమీ తినకుండా ఉన్నవాళ్లకు రోజుకు 100 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే చాలు, ఒంట్లో ప్రోటీన్ నష్టం దాదాపు సగానికి తగ్గింది. కీటోన్లు తగ్గాయి. నీళ్లు, సోడియం పోవడమూ తగ్గింది. 100 గ్రాములంటే ఎంత? రెండు జొన్న రొట్టెలు, ఒక గంటెడు పప్పు, ఒక పండు కలిపితే సుమారు అంతే. చార్ట్ రాసినవాళ్లు తీసేసింది సరిగ్గా ఆ పళ్లేన్నే.

ఎప్పుడు దవాఖానకు పోవాలి

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కీటోన్లు ఒక హద్దు దాటవు. ఇన్సులిన్ కొంచెమైనా ఉంటే అది పగ్గం వేస్తుంది. మధుమేహం ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మార్చే దాకా పోవచ్చు. ఈ మాత్రలతో మోసం ఏమిటంటే, గ్లూకోమీటర్‌లో చక్కెర పెద్దగా పెరగకుండానే ఇది రావచ్చు. పండు వాసనతో పాటు వాంతులు, కడుపునొప్పి, రొప్పుతూ లోతుగా ఊపిరి తీయడం, మత్తుగా ఉండటం కనిపిస్తే అది ఇంటి వైద్యం చేసే సమయం కాదు, వెంటనే దవాఖానకు పోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ డైట్లు చేయకూడదు. గౌట్ ఉన్నవాళ్లకు కీటోన్లు పెరిగితే యూరిక్ ఆమ్లం బయటికి పోక కీళ్ల నొప్పి తిరగబెట్టవచ్చు.

రోజుకు 800 కేలరీల కంటే తక్కువ ఇచ్చే డైట్లు వైద్యంలోనూ ఉన్నాయి. వాటిలో లవణాలు, విటమిన్లు, ప్రోటీన్ కొలిచి ఇస్తారు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేస్తారు. ఫోన్‌లో తిరిగే చార్ట్‌కు దానితో పోలిక లేదు.

మళ్లీ మన కిరాణా దుకాణానికి వద్దాం. ఎనిమిదో రోజున అతను చార్ట్ పక్కన పెట్టి, మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు, పప్పు, తోటకూర తిన్నాడనుకుందాం. గుడ్లు, చికెన్ అలాగే ఉంచి, పొద్దున కొంచెం ఉప్మా, సాయంత్రం జామకాయ, ఉప్పేసిన సల్ల చేర్చాడు. మొత్తం సుమారు 1500 కేలరీలు. పదో రోజున మిషన్ 81.6 చూపిస్తుంది. రెండు రోజుల్లో కిలో 800 గ్రాములు! పడిన కష్టమంతా నీళ్లపాలైందని గుండె జారుతుంది. నిజానికి తిరిగొచ్చిందే నీళ్లు. ఖాళీ అయిన గ్లైకోజెన్ నిండుతూ తన వాటా నీళ్లను వెనక్కి తెచ్చుకుంది, పేగుల్లో సరుకు చేరింది. రెండు రోజుల్లో కిలో 800 గ్రాముల కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి 14,000 కేలరీలు తినాలి. అతను తిన్నది అవసరం కంటే తక్కువే.

వాసన పదో రోజుకు పోతుంది. లేవగానే తల తిరగడం అంతకంటే ముందే ఆగుతుంది. కడుపు మాత్రం తొందరపడదు. పేగు నిండి, గోడ సాగి, పాత లయ అందుకోవడానికి ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. రోజుకు 800 కేలరీల లోటుతో ఆ తర్వాత వారానికి తగ్గేది 700 గ్రాములు. పెళ్లి రోజుకు సూట్ గుండీ పడుతుందా అంటే, నడుము దగ్గర అంగుళం వదలమని దర్జీకి ఇప్పుడే చెప్పి పెట్టుకోవడం మంచిది.